జర్మనీ ఆపర్చునిటీ కార్డు: లోపలికి వెళ్ళడానికి పాయింట్లు చాలు, అక్కడ ఉండిపోవడానికి చాలవు

"ఉద్యోగం లేకపోయినా వెళ్ళవచ్చట. అక్కడికి వెళ్ళాకే వెతుక్కోవచ్చట." ఈ మధ్య మన బెంగళూరు తెలుగు ఇళ్ళలో పెళ్ళి భోజనాల దగ్గర కూడా ఈ మాట వినిపిస్తోంది. అమెరికా హెచ్‌-1బీ మీద ఆశ సన్నగిల్లిన ఇళ్ళలో ఇప్పుడు జర్మనీ పేరు ఎక్కువగా నలుగుతోంది. ఆ దేశం 2024 జూన్‌ 1 నుంచి ఇస్తున్న ఆపర్చునిటీ కార్డును జర్మన్‌ భాషలో 'చాన్సెన్‌కార్టె' అంటారు. చదువు, అనుభవం ఉన్నవారు చేతిలో ఉద్యోగం లేకుండానే వెళ్ళి ఏడాది పాటు అక్కడే వెతుక్కోవడానికి ఇచ్చే అనుమతి ఇది.

కార్డు నిజమే, ఆ అవకాశమూ నిజమే. అయితే మన వాళ్ళు ఎక్కువగా లెక్కవేస్తున్నది ఒక్కటే, ఆరు పాయింట్లు వస్తాయా రావా అని. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. కార్డు ఇచ్చేటప్పుడు అడిగే అర్హత ఒకటి, ఏడాది తర్వాత అక్కడ నిలవడానికి అడిగే అర్హత మరొకటి. ఈ రెండింటి మధ్య తేడా తెలియక చేస్తున్న ఉద్యోగం మానేసి, పదమూడు లక్షల రూపాయలు కట్టి వెళ్తే తిరిగి రావలసిన పరిస్థితి ఏర్పడవచ్చు. అందుకే ఈ వ్యాసంలో అన్ని దేశాల వీసాల జాబితా ఇవ్వడం లేదు. ఈ ఒక్క కార్డునే మొదటి నుంచి చివరి వరకు చూద్దాం.

జర్మనీయే ఎందుకు?

చదువు పూర్తయినవారిని ఉద్యోగం వెతుక్కోవడానికి రానిచ్చే దేశాలు మరికొన్ని ఉన్నాయి. బ్రిటన్‌ 2022లో 'హై పొటెన్షియల్‌ ఇండివిడ్యువల్‌' పేరుతో ఒక వీసా తెచ్చింది. అది ప్రపంచ ర్యాంకుల్లో పై వరుసలో ఉన్న కొన్ని విశ్వవిద్యాలయాల పట్టభద్రులకే వర్తిస్తుంది. నెదర్లాండ్స్‌లోనూ ఇలాంటి ఏడాది అనుమతి ఉన్నా, బయట చదివినవారి విషయంలో అదీ ర్యాంకుల మీదే ఆధారపడుతుంది. బెంగళూరులోనో, అనంతపురంలోనో మామూలు ఇంజనీరింగ్‌ కళాశాలలో చదివిన మన పిల్లలకు ఆ తలుపులు తెరుచుకోవు.

జర్మనీ కార్డుకు ర్యాంకు అక్కరలేదు. మన దేశంలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న డిగ్రీ గానీ, కనీసం రెండేళ్ళ వృత్తి శిక్షణ గానీ ఉంటే చాలు. పైగా ఆ ప్రభుత్వమే మన వాళ్ళను రమ్మంటోంది. 2022 డిసెంబరులో రెండు దేశాల మధ్య వలస ఒప్పందం కుదిరింది. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000 వరకు పెంచుతామని జర్మనీ 2024 అక్టోబరులో ప్రకటించింది. ఏజెంట్ల బోర్డుల మీద కనిపించే 90,000 అంకె అదే. అది నిపుణుల వీసాలన్నిటికీ కలిపి చెప్పిన సంఖ్య. ఈ ఒక్క కార్డుకు కేటాయించిన కోటా కాదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొందరు ఇప్పటికీ 'జర్మనీ జాబ్‌ సీకర్‌ వీసా' పేరుతో ప్యాకేజీలు అమ్ముతున్నారు. 2012 నుంచి నడిచిన ఆ ఆరు నెలల వీసా స్థానంలోనే ఈ కార్డు వచ్చింది. పాత పేరుతో, పాత నిబంధనలతో ఎవరైనా మాట్లాడుతున్నారంటే వారి సమాచారం 2024 జూన్‌ దగ్గరే ఆగిపోయిందని అర్థం.

ఒకే ఇల్లు, రెండు తలుపులు

లెక్క సులువుగా అర్థం కావడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. తాతల కాలంలో చిత్తూరు జిల్లా నుంచి వచ్చి హలసూరులో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. అన్నకు 31 ఏళ్ళు. మూడేళ్ళ బీకాం చదివి, వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ అకౌంట్స్‌ విభాగంలో ఆరేళ్ళుగా పని చేస్తున్నాడు. చెల్లెలికి 28 ఏళ్ళు. విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానికి, అంటే వీటీయూకు అనుబంధంగా ఉన్న కళాశాలలో మెకానికల్‌ బీఈ చేసి, పీణ్యలో ఒక డిజైన్‌ ఆఫీసులో అయిదేళ్ళుగా ఉంది. ఇద్దరూ కార్డు మీద వెళ్దామనుకుంటున్నారు.

ఈ కార్డుకు రెండు తలుపులు ఉన్నాయి. మొదటిది, తన డిగ్రీ జర్మన్‌ డిగ్రీతో పూర్తిగా సమానమని తేలినవారి కోసం. వారికి పాయింట్ల లెక్క ఉండదు, భాషా పరీక్ష షరతు కూడా ఉండదు. ఖర్చులకు డబ్బు చూపిస్తే చాలు. రెండోది, అలా పూర్తిగా సమానమని తేలనివారి కోసం. ఆరు పాయింట్ల మాట వచ్చేది ఇక్కడే.

తనది ఏ తలుపో తెలుసుకోవడానికి `anabin` అనే జర్మన్‌ ప్రభుత్వ డేటాబేస్‌ చూడాలి. అందులో రెండు విషయాలు విడివిడిగా వెతకాలి. మొదట విశ్వవిద్యాలయానికి `H+` అని ఉందా అని చూడాలి. తర్వాత డిగ్రీ పేరు పక్కన `entspricht` లేదా `gleichwertig` అని ఉందా అని చూడాలి. రెండూ ఉంటే మొదటి తలుపు తెరుచుకున్నట్టే. డిగ్రీ పక్కన `bedingt vergleichbar` అని ఉంటే 'షరతులతో పోల్చదగినది' అని అర్థం, అది పూర్తి సమానం కాదు. మన మూడేళ్ళ డిగ్రీలలో కొన్నిటికి ఈ మాటే కనిపిస్తుంది. నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌ డిగ్రీలకు సాధారణంగా ఈ ఇబ్బంది ఉండదు.

ఇక్కడ మన వాళ్ళు తరచూ చేసే పొరపాటు కళాశాల పేరుతో వెతకడం. కళాశాల పేరు కనబడకపోయేసరికి గుర్తింపు లేదేమోనని దిగులుపడి ఏజెంటు దగ్గరికి పరిగెత్తుతారు. వెతకవలసింది పట్టా మీద ఎవరి ముద్ర ఉందో ఆ విశ్వవిద్యాలయం పేరు. కర్ణాటకలో చాలామంది ఇంజనీర్లకు అది వీటీయూ అవుతుంది, ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవారిలో చాలామందికి ఏదో ఒక జేఎన్‌టీయూ. జేఎన్‌టీయూ విడిపోయి వేర్వేరు విశ్వవిద్యాలయాలు అయ్యింది కనుక హైదరాబాదా, కాకినాడా, అనంతపురమా అన్నది పట్టా చూసి నిర్ధారించుకోవాలి. విశ్వవిద్యాలయం ఉండి డిగ్రీ పేరు లేకపోతే `ZAB` అనే జర్మన్‌ సంస్థకు రాసి పోలిక పత్రం తెప్పించుకోవాలి. దానికి రుసుము 208 యూరోలు. కొన్ని నెలలు పట్టే పని కనుక మొదట మొదలుపెట్టవలసింది ఇదే.

మన ఉదాహరణలో చెల్లెలి విశ్వవిద్యాలయం, డిగ్రీ రెండూ సరిపోయాయనుకుందాం. ఆమె మొదటి తలుపు గుండా వెళ్తుంది. అన్న బీకాంకు 'షరతులతో' అని వచ్చిందనుకుందాం. అతనికి పాయింట్ల తలుపే దారి.

అన్న పాయింట్ల లెక్క

పాయింట్ల తలుపు దగ్గర ముందు ఒక గడప ఉంది. జర్మన్‌ భాషలో ఏ1 స్థాయి గానీ, ఇంగ్లీషులో బీ2 స్థాయి గానీ ఉన్నట్టు సర్టిఫికెట్‌ చూపాలి. దీనికి పాయింట్లు ఉండవు, ఇది కేవలం లోపలికి రానిచ్చే షరతు. ఆ తర్వాతే లెక్క మొదలవుతుంది.

వయసు 35 దాటకపోతే రెండు పాయింట్లు, 35 నుంచి 40 లోపు అయితే ఒకటి. చదువుకు సంబంధించిన పని గత అయిదేళ్ళలో కనీసం రెండేళ్ళు చేసి ఉంటే రెండు పాయింట్లు, గత ఏడేళ్ళలో కనీసం అయిదేళ్ళు చేసి ఉంటే మూడు. జర్మన్‌ భాష ఏ2 స్థాయికి ఒకటి, బీ1కి రెండు, బీ2 లేదా ఆపైన మూడు. ఇంగ్లీషు సీ1 స్థాయిలో ఉంటే అదనంగా ఒకటి. మనుషుల కొరత ఉన్న వృత్తుల జాబితాలో తన చదువు ఉంటే ఒకటి. గత అయిదేళ్ళలో కనీసం ఆరు నెలలు జర్మనీలో పర్యాటకుడిగా కాకుండా ఉండి ఉంటే ఒకటి. భార్య లేదా భర్త కూడా తన సొంత అర్హతతో కలిసి దరఖాస్తు చేస్తే ఒకటి. అర్హతను అక్కడి అధికారులు పరిశీలించి పాక్షికంగా సమానమని పత్రం ఇచ్చి ఉంటే నాలుగు.

అన్నకు వయసు వల్ల రెండు, అనుభవం వల్ల మూడు, మొత్తం అయిదు. ఐఈఎల్‌టీఎస్‌లో 7 వస్తే అది సీ1 స్థాయి కనుక ఇంకొకటి. మొత్తం ఆరు. "సరిపోయింది" అని ఏజెంటు అంటాడు. కాగితం మీద సరిపోయింది కూడా.

కానీ ఈ ఆరులో మూడు పాయింట్లు ఒకే ఒక్క ఉత్తరం మీద నిలబడి ఉన్నాయి. అది కంపెనీ ఇచ్చే అనుభవ పత్రం. మన బెంగళూరు కంపెనీలు ఇచ్చే రిలీవింగ్‌ లెటర్‌లో సాధారణంగా చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, ఒక శుభాకాంక్ష ఉంటాయి. హోదా 'ప్రాసెస్‌ అసోసియేట్‌' అని ఉంటే అది అకౌంట్స్‌ పనో, కస్టమర్‌ కాల్స్‌ పనో జర్మన్‌ అధికారికి ఎలా తెలుస్తుంది? పని బీకాంకు సంబంధించినదని నమ్మకం కుదరకపోతే ఆ మూడూ పోయి లెక్క మూడుకు పడిపోతుంది. అందుకే పని పూర్తికాలమని, ఏయే పనులు చేశాడని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకని స్పష్టంగా రాసిన ఉత్తరం కంపెనీలో ఉండగానే అడిగి తీసుకోవాలి. మానేశాక అడిగితే హెచ్‌ఆర్‌ విభాగం తన నమూనా పత్రం తప్ప వేరేది ఇవ్వకపోవచ్చు.

సరిగ్గా ఆరు దగ్గర ఆగిపోవడం కూడా మంచిది కాదు. ఇందిరానగర్‌ సీఎంహెచ్‌ రోడ్డులోని మాక్స్‌ ముల్లర్‌ భవన్‌లో జర్మన్‌ నేర్చుకుని బీ1 దాకా వెళ్తే మరో రెండు పాయింట్లు చేతిలో ఉంటాయి. అప్పుడు ఒక పత్రం తేడా కొట్టినా దరఖాస్తు మొత్తం కూలిపోదు. తిరస్కరణ ఎదురైతే ఇదివరకటిలా కాన్సులేట్‌కు ఉచితంగా అప్పీలు రాసుకునే వీలు ఇప్పుడు లేదు. ఆ పద్ధతిని జర్మనీ 2025 జులై 1 నుంచి ఎత్తివేసింది. మళ్ళీ రుసుము కట్టి కొత్తగా దరఖాస్తు పెట్టాలి, లేదా బెర్లిన్‌ కోర్టుకు వెళ్ళాలి. కనుక మొదటిసారే గట్టిగా పెట్టడం అవసరం.

డబ్బు దగ్గర జరిగే పొరపాట్లు

ఏడాది బతకడానికి సరిపడా డబ్బు చూపాలి. 2025లో ఈ కార్డుకు నెలకు 1,091 యూరోల చొప్పున లెక్క కట్టారు, అంటే పన్నెండు నెలలకు 13,092 యూరోలు. యూరో వంద రూపాయలు అనుకున్నా పదమూడు లక్షల పైమాటే. చదువుకోవడానికి వెళ్ళే విద్యార్థులకు అప్పుడే ఈ లెక్క నెలకు 992 యూరోలు. పక్కింటి అబ్బాయి చదువుకు కట్టిన మొత్తాన్నే మనమూ కడితే ఏడాదికి దాదాపు 1,200 యూరోలు తక్కువ పడి ఫైలు ఆగిపోతుంది. ఈ మొత్తం మారుతూ ఉంటుంది కనుక డబ్బు పంపే వారంలోనే కాన్సులేట్‌ పేజీలో చూసుకోవాలి.

ఈ డబ్బును 'బ్లాక్డ్‌ అకౌంట్‌' అనే ఖాతాలో వేస్తారు. మొత్తం ఒకేసారి తీసుకునే వీలు ఉండదు, అక్కడికి వెళ్ళాక నెలనెలా కొంత విడుదలవుతుంది. జర్మనీలో ఉంటున్న దగ్గరి బంధువు అక్కడి కార్యాలయంలో పూచీ పత్రం రాసిచ్చినా సరిపోతుంది. అయితే ఆ పూచీ చట్టపరమైన బాధ్యత. "ఒక్క సంతకమే కదా బాబాయ్‌" అని అడిగే ముందు ఆయన ఏం ఒప్పుకుంటున్నాడో ఇద్దరూ తెలుసుకోవాలి.

ఇక్కడ చాలామంది లెక్కలో వేసుకోనిది పన్ను. విదేశాలకు పంపే డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే, చదువు, వైద్యం కాని అవసరాలకు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందే వసూలు చేస్తుంది. పదమూడు లక్షలు పంపితే మూడు లక్షల మీద అరవై వేలు. రిటర్ను వేసినప్పుడు ఇది సర్దుబాటు అవుతుంది, కానీ ఆ రోజు చేతిలో అదనంగా ఉండాలి. వీసా రుసుము 75 యూరోలు, ఆరోగ్య బీమా, మొదటి నెల ఇంటి అడ్వాన్సు, విమానం టికెట్టు ఇవన్నీ దీనికి పైన. బీమా విషయంలో పర్యాటకుల పాలసీ పనికిరాదు, అక్కడ ఉండే కాలమంతటికీ వర్తించేది కావాలి.

దరఖాస్తు ఎక్కడ?

దరఖాస్తును `digital.diplo.de` అనే జర్మన్‌ విదేశాంగ శాఖ పోర్టల్‌లో నింపవచ్చు. పత్రాలు సరిచూశాక వేలిముద్రలకు పిలుస్తారు. బెంగళూరులోని జర్మన్‌ కాన్సులేట్‌ పరిధి కర్ణాటక, కేరళ. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ వాసులకు చెన్నై కాన్సులేట్‌. ఎప్పటి నుంచో ఇక్కడే ఉన్న మన కుటుంబాలకు ఇది సమస్య కాదు. ఊరి నుంచి వచ్చి మన ఇంట్లోనో, మారతహళ్ళి పీజీలోనో ఉంటున్న బంధువుల పిల్లలకు మాత్రం ఇది ముఖ్యం. ఆధార్‌, పాస్‌పోర్టు రెండింటిలోనూ ఊరి చిరునామాయే ఉంటే, ఇక్కడ నివసిస్తున్నట్టు అద్దె ఒప్పందం, జీతం పత్రాల వంటి ఆధారాలు సిద్ధం చేసుకున్నాకే బెంగళూరును ఎంచుకోవాలి.

మన ఇళ్ళకే ప్రత్యేకమైన మరో ఇబ్బంది పేరు. ఎస్‌ఎస్‌ఎల్‌సీ మార్కుల కార్డులో కన్నడ పద్ధతిలో ఇనీషియల్స్‌ చివర ఉంటాయి, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడదీసి రాసి ఉంటుంది, డిగ్రీ పట్టాలో తండ్రి పేరు కలిసి ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకరే. చూసే అధికారికి ముగ్గురు వేర్వేరు మనుషులు. అన్ని పేర్లూ ఒకే వ్యక్తివని తెలిపే అఫిడవిట్‌ దరఖాస్తుతో పాటే పెడితే ప్రశ్న రాకుండా ఉంటుంది.

వెళ్ళాక మొదలయ్యే అసలు పరీక్ష

ఇద్దరికీ కార్డు వచ్చిందనుకుందాం. పన్నెండు నెలల గడియారం విమానం దిగిన రోజు నుంచి కాదు, వీసా మీద రాసిన మొదటి తేదీ నుంచి నడుస్తుంది. ఇక్కడ నోటీసు పీరియడ్‌ మూడు నెలలు ఉన్నవారు ఆ తేదీని తొందరపడి దగ్గరగా పెట్టించుకుంటే కొన్ని వారాలు బెంగళూరులోనే కరిగిపోతాయి. వెళ్ళాక రెండు వారాల్లో చిరునామా నమోదు చేసుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం కావాలి కనుక హోటల్‌ గదితో పని జరగదు.

కార్డు మీద వారానికి 20 గంటల వరకు ఏ పనైనా చేసుకోవచ్చు. 2026లో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు, కాబట్టి నెలకు సుమారు 1,200 యూరోలు వస్తాయి. బతకడానికి అది ఆసరా. కానీ గిడ్డంగిలో గానీ, హోటల్‌లో గానీ ఎన్ని నెలలు పని చేసినా అది ఉండిపోవడానికి అర్హత కాదు. చదువుకు తగిన ఉద్యోగమే కావాలి. అలాంటి ఉద్యోగం కోసం ఒక్కో కంపెనీలో రెండు వారాల వరకు ప్రయోగాత్మకంగా పని చేసి చూపించే వీలు ఉంది. మన వాళ్ళు పెద్దగా వాడుకోని వెసులుబాటు అది.

ఇక్కడే అన్నాచెల్లెళ్ళ దారులు విడిపోతాయి. చెల్లెలి డిగ్రీ పూర్తిగా గుర్తింపు పొందినది. ఆమెకు ఇంజనీరుగా ఏడాదికి 42,000 యూరోల ఉద్యోగం దొరికినా, అక్కడి వారికి అదే పనికి ఇచ్చే జీతానికి తగ్గకుండా ఉంటే నిపుణురాలి అనుమతికి మారవచ్చు. 45 ఏళ్ళ లోపు వారికి ఆ అనుమతికి కనీస జీతం అంకె లేదు. జీతం ఇంకొంచెం ఎక్కువైతే ఇంకా మేలైన బ్లూ కార్డు వస్తుంది. దానికి 2026లో సాధారణంగా 50,700 యూరోలు కావాలి. కొరత వృత్తులకూ, డిగ్రీ వచ్చి మూడేళ్ళు దాటనివారికీ 45,934 యూరోలు చాలు. ఇంజనీరింగ్‌ కొరత వృత్తుల్లో ఉంది.

అన్నకు అదే 42,000 యూరోల ఉద్యోగం దొరికితే సరిపోదు. అతని డిగ్రీ పూర్తి సమానం కాదు కనుక నిపుణుడి అనుమతి రాదు. అతనికి ఉన్న దారి 'అనుభవజ్ఞుల' అనుమతి. దానికి గత అయిదేళ్ళలో రెండేళ్ళ అనుభవం ఉండాలి. జీతం 2026లో ఏడాదికి కనీసం 45,630 యూరోలు ఉండాలి. వేతన ఒప్పందాలకు కట్టుబడిన కంపెనీల్లో ఈ అంకెకు సడలింపు ఉంది కానీ వెతికేవాడి చేతిలో లేని విషయం అది. పైగా జర్మనీలో అకౌంట్స్‌ పని అంటే జర్మన్‌ పన్ను చట్టం, జర్మన్‌ భాషలో కాగితాలు. ఇంగ్లీషుతోనే నడిచే ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లో దొరికినంతగా ఇందులో దొరకవు. ఐఈఎల్‌టీఎస్‌ 7 అతనికి ఆరో పాయింట్‌ ఇచ్చింది, ఉద్యోగం మాత్రం ఇవ్వదు.

అతనికి ఒక ఊరట ఉంది. చదువుకు తగిన ఉద్యోగానికి ఖాయమైన ఆఫర్‌ ఉండి, వేరే అనుమతి షరతులు మాత్రం అందకపోతే కార్డును మరో రెండేళ్ళ వరకు పొడిగించే నిబంధన ఉంది. దానికి అక్కడి ఉపాధి సంస్థ ఒప్పుకోవాలి. ఆ రెండేళ్ళలో జీతం పెంచుకోవడమో, అర్హత గుర్తింపు తెచ్చుకోవడమో చేయాలి. కేవలం ఇంకా వెతుకుతున్నాం అంటే మాత్రం పొడిగించరు.

అందుకే ఏడాదిని వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి. పన్నెండో నెల ముగిసేలోగా విదేశీయుల కార్యాలయంలో కొత్త అనుమతికి దరఖాస్తు పడాలి. చాలా నగరాల్లో అక్కడ అపాయింట్‌మెంట్‌ దొరకడమే ఆలస్యం. కాబట్టి తొమ్మిదో నెల కల్లా సంతకమైన ఒప్పందం చేతిలో ఉండాలి. ఇంటర్వ్యూలు రెండు మూడు నెలలు సాగుతాయి కనుక ఆరో నెలకు గట్టి పిలుపులు వస్తూ ఉండాలి. ఆరో నెల వచ్చినా ఒక్క పిలుపూ లేకపోతే భాషలోనో, ఎంచుకున్న పనిలోనో లోపం ఉందని అర్థం. మిగిలిన ఆరు నెలల ఖర్చు డబ్బు అప్పటికి ఇంకా ఖాతాలోనే ఉంటుంది కనుక నిర్ణయం తీసుకోవడానికి అదే సమయం.

వెళ్ళకముందే చేయదగిన పరీక్ష

అసలు ఈ కార్డు అవసరమా అన్నది ముందు తేలాలి. జర్మన్‌ కంపెనీలు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసి, ఇక్కడున్నవారికే ఉద్యోగం ఇస్తాయి. చెల్లెలిలాంటి ఇంజనీరు బెంగళూరులో జీతం తీసుకుంటూనే నాలుగు నెలలు దరఖాస్తులు పెట్టి చూడవచ్చు. ఆఫర్‌ వస్తే నేరుగా బ్లూ కార్డు మీద వెళ్తుంది. పదమూడు లక్షలు కట్టనక్కరలేదు, గడియారం భయమూ లేదు. ఆఫర్‌ రాకపోయినా తన అర్హతకు అక్కడ గిరాకీ ఎంతో తెలుస్తుంది. నలభై, యాభై దరఖాస్తులకు ఒక్క ఇంటర్వ్యూ కూడా రాకపోతే, అక్కడికి వెళ్ళినంత మాత్రాన వస్తాయని అనుకోవడానికి ఆధారం తక్కువ. ఇంటర్వ్యూలు వచ్చి "మీరు ఇక్కడ ఉండి ఉంటే తీసుకునేవాళ్ళం" అన్న మాట వినిపిస్తే మాత్రం ఈ కార్డు సరిగ్గా అలాంటివారి కోసమే.

అన్న విషయంలో మాట వేరు. ముందు బీ1, వీలైతే బీ2 జర్మన్‌. భాష వస్తే పాయింట్లూ పెరుగుతాయి, అక్కడి అకౌంట్స్‌ పనికీ దగ్గరవుతాడు. ఏడాది ఆలస్యమైనా వయసు పాయింట్లు పోవు. పెద్ద కొడుకు జీతం మీద ఇంటి అప్పు నడుస్తున్న ఇంట్లో ఆ ఏడాది ఆగడమే నయం.

ఏజెంట్ల గురించి ఒక మాట. పత్రాలు సర్దిపెట్టడానికి సలహాదారు రుసుము తీసుకోవడం వేరు, ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు తీసుకోవడం వేరు. రెండోది చేయాలంటే కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. ఆ పేర్లు `eMigrate` పోర్టల్‌లో కనిపిస్తాయి. లైసెన్సు ఉన్నవారు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. "కార్డు గ్యారంటీ, అనుభవ పత్రం మేమే చేయిస్తాం" అన్న మాట వినబడితే అక్కడే లేచి వచ్చేయాలి. దొంగ పత్రం ఇచ్చే ఏజెంటు పేరు ఆ ఫైలులో ఎక్కడా ఉండదు, సంతకం మన పిల్లలదే ఉంటుంది.

ఈ వారం ఇంట్లో ఈ మాట వస్తే పాయింట్ల కాగితం పక్కన పెట్టి, పట్టా బయటికి తీయండి. దాని మీద ఉన్న విశ్వవిద్యాలయం పేరు, డిగ్రీ పేరు `anabin`లో చూడండి. ఖర్చు లేని పని, అరగంటలో అయిపోతుంది. ఏ తలుపో తెలిశాక, ఆ తలుపుకు అవతల అడిగే జీతం ఎంతో ఒక కాగితం మీద రాసుకోండి. తాను చేసే పనికి జర్మనీలో అంత జీతం ఇచ్చే ప్రకటనలు పది దొరికితే ముందుకు వెళ్ళండి. దొరకకపోతే డబ్బు పంపే ముందు భాష తరగతిలో చేరండి.